స్టేట్‌మెంటులో ఒక వరుస, లెడ్జరులో మూడు గడులు: నా అనుభవం

తాడేపల్లిగూడెంలో బియ్యం వ్యాపారం చేసే ఒక ఆసామికి నేను చాలా ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. 2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కలు ముగించే వేళ ఆయన తన కరెంటు ఖాతా స్టేట్‌మెంటును పీడీఎఫ్‌గా పంపారు. అందులో 38 పేజీలు, 1,312 లావాదేవీలు ఉన్నాయి. ఎక్సెల్ ఫైలు కావాలని బ్యాంకును అడిగితే, ఒకేసారి ఏడాది మొత్తానికి పీడీఎఫ్ తప్ప మరో రూపంలో ఇవ్వలేమన్నారు. అన్ని వరుసలనూ చేత్తో ఎక్కించడం నాకు ఇష్టం లేదు. అలా ఎక్కించినప్పుడు ఎక్కడో ఒకచోట అంకె తారుమారవుతుందని, దాన్ని వెతకడానికి ఎక్కించినంత సమయమూ పడుతుందని అనుభవం మీద తెలుసు. అందుకని పీడీఎఫ్‌లోని అక్షరాలను టెక్స్టుగా తీసి, ప్రతి వరుసనూ తేదీ, వివరం, డెబిట్, క్రెడిట్, నిల్వ అనే గడుల్లోకి విడదీసే చిన్న పైథాన్ ప్రోగ్రాము రాసుకున్నాను. వారం రోజుల పని అయింది. ప్రోగ్రాము రాయడానికి పట్టింది ఒక్క పూటే, మిగతా రోజులన్నీ అది ఇచ్చిన ఫలితాన్ని నమ్మవచ్చా లేదా అని తేల్చుకోవడానికే పట్టాయి.

పీడీఎఫ్‌ను టెక్స్టుగా మార్చడానికి పాప్లర్ పొట్లంలో వచ్చే ఈ ఆదేశాన్ని వాడాను.

```
pdftotext -layout -upw PASSWORD stmt.pdf stmt.txt
```

`-layout` అని రాస్తే పేజీ మీద అక్షరాలు ఎంత దూరంలో ఉన్నాయో టెక్స్టులోనూ దాదాపు అంతే ఖాళీ ఉండేలా వస్తుంది. `-upw` తరువాత స్టేట్‌మెంటు తెరిచే పాస్‌వర్డు రాయాలి. కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్ చేసినదైతే అందులో అక్షరాలు ఉండవు, బొమ్మ మాత్రమే ఉంటుంది కాబట్టి ఈ ఆదేశం ఖాళీ ఫైలునే ఇస్తుంది. నాకు వచ్చినది బ్యాంకు కంప్యూటరు నుంచి నేరుగా వచ్చినది కావడం వల్ల ఆ ఇబ్బంది ఎదురుకాలేదు.

అసలు చిక్కు గడుల దగ్గర మొదలైంది. కాగితం మీద చూస్తే డెబిట్, క్రెడిట్ పక్కపక్కన రెండు గడులుగా ఉంటాయి, ఏ వరుసలోనైనా వాటిలో ఒకటి నిండి మరొకటి ఖాళీగా ఉంటుంది. టెక్స్టులోకి వచ్చేసరికి ఆ ఖాళీ గడి వట్టి ఖాళీ స్థలంగా మారిపోతుంది. వరుస చివర రెండు మొత్తాలు మిగులుతాయి: ఒకటి లావాదేవీ మొత్తం, రెండోది నిల్వ. ఆ మొదటి మొత్తం ఏ గడిలోనిదో వరుస తనంతట తాను చెప్పదు. మొదట నేను అక్షరం స్థానాన్ని నమ్ముకున్నాను. వరుసలో ఎడమ నుంచి ఇన్నో అక్షరానికి ముందు ముగిస్తే డెబిట్, తరువాత ముగిస్తే క్రెడిట్ అని గీత పెట్టాను. ఆరు పేజీల దాకా బాగానే నడిచింది. ఏడో పేజీలో ఒక పొడవైన వివరం ఉండడంతో ఆ పేజీ మొత్తంలో గడులు కుడివైపుకు జరిగాయి, డెబిట్లన్నీ క్రెడిట్లుగా వచ్చాయి. పేజీ పేజీకీ గీత మార్చుకుంటూ పోవడం కంటే, పేజీ ఎలా ఉన్నా మారని ఆధారం ఒకటి కావాలనిపించింది. అలాంటి ఆధారం ప్రతి వరుసలోనూ అచ్చయి ఉంది. అది నిల్వ. కిందటి వరుస నిల్వ కంటే ఈ వరుస నిల్వ తగ్గితే డబ్బు పోయింది కాబట్టి డెబిట్, పెరిగితే వచ్చింది కాబట్టి క్రెడిట్ అని రాశాను.

ఆ నియమంతో 1,312 వరుసలూ నిమిషంలోపే గడుల్లోకి చేరాయి. స్టేట్‌మెంటు చివరి పేజీలో డెబిట్ల మొత్తం, క్రెడిట్ల మొత్తం అచ్చువేసి ఉన్నాయి. వాటితో పోల్చి చూస్తే నా డెబిట్లు రూ. 43,000 తక్కువగా, క్రెడిట్లు సరిగ్గా అదే రూ. 43,000 ఎక్కువగా ఉన్నాయి. ఒకవైపు ఎంత తగ్గితే రెండోవైపు అంతే పెరిగిందంటే, వరుస ఏదీ తప్పిపోలేదు, వైపు మారిందన్నమాట. లెక్కలు రాసేవాళ్లందరం మొదట చేసేదే నేనూ చేశాను: 43,000 అనే మొత్తం ఉన్న లావాదేవీ కోసం వెతికాను. అలాంటిది ఒక్కటీ లేదు. అంటే వైపు మారినది ఒక్క వరుస కాదు, కొన్ని అటు, కొన్ని ఇటు మారి మిగిలిన తేడా అది. నెలవారీగా మొత్తాలు కట్టి, ప్రతి నెలా ఇచ్చిన డబ్బు మొత్తాన్ని ఆసామి పుస్తకంతో పోల్చుకుంటూ వెళ్తే జనవరిలో మూడు వరుసలు పట్టుబడ్డాయి. రూ. 30,000, రూ. 18,000 చెల్లింపులు రెండు క్రెడిట్లుగా, రూ. 5,000 జమ ఒకటి డెబిట్‌గా వచ్చాయి. 48,000లో 5,000 పోగా 43,000. తేడా పూర్తిగా కుదిరింది. ఆ మూడింటినీ చేత్తో సరిదిద్దాను, మొత్తాలు పైసాతో సహా సరిపోయాయి, పని అయిపోయిందనుకుని నకలు తీసి ఆసామికి పంపాను.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫోను చేశారు. “అమ్మా, ఆగస్టులో గోనెసంచుల డబ్బు అయిదు వేలు మనకే కదా వెనక్కి వచ్చింది, మీరు మనం ఇచ్చినట్టు రాశారేమిటి? లారీ కిరాయి అయిదు వేలేమో వచ్చినట్టుంది,” అన్నారు. మొత్తాలు సరిపోయాక కూడా తప్పు మిగిలిందని విని నాకు నిజంగా భయం వేసింది. టెక్స్టు తెరిచి ఆ రోజుల వరుసలు చూశాను. ఖాళీలు కొంత తగ్గించి ఇక్కడ పెడుతున్నాను.

```
01/08/2023 B/F                                    12,400.00Cr
02/08/2023 CHQ 000417 CLG              20,000.00   7,600.00Dr
03/08/2023 NEFT INWARD GUNNY BAGS
           REFUND                       5,000.00   2,600.00Dr
03/08/2023 UPI/321512345678/LORRY HIRE  5,000.00   7,600.00Dr
04/08/2023 CASH DEP                    25,000.00  17,400.00Cr
```

నిల్వ పక్కన అంటుకుని ఉన్న ఆ `Cr`, `Dr` అక్షరాలను నేను మొదటి రోజే తీసేశాను. మొదటి పేజీలన్నింటిలోనూ `Cr` మాత్రమే ఉండడంతో, అది ప్రతి వరుసకూ బ్యాంకు అలవాటుగా తగిలించేదే అనుకున్నాను. ఈ ఖాతాకు ఓవర్‌డ్రాఫ్టు పరిమితి ఉంది. ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీసినప్పుడు నిల్వ సున్నా కిందికి పోతుంది, ఆ సంగతిని బ్యాంకు ఋణ గుర్తుతో కాక `Dr` అనే అక్షరాలతో చెబుతుంది. ఆసామి బ్యాంకుకు బాకీ ఉన్న రోజుల్లో అచ్చయిన అంకె పెరిగితే బాకీ పెరిగినట్టు, అంటే డబ్బు పోయినట్టు. అంకె తగ్గితే బాకీ తీరినట్టు, అంటే డబ్బు వచ్చినట్టు. నా నియమం ఆ రోజుల్లో సరిగ్గా తలకిందులైంది. 7,600 నుంచి 2,600కు తగ్గింది కాబట్టి గోనెసంచుల వాపసును చెల్లింపుగా, 2,600 నుంచి 7,600కు పెరిగింది కాబట్టి లారీ కిరాయిని జమగా రాసింది. రెండూ అయిదేసి వేలు కావడంతో ఒకదాని తప్పును ఇంకొకటి మింగేసింది, మొత్తాల్లో ఏ జాడా మిగలలేదు.

నిల్వ సున్నాను దాటే వరుసల దగ్గరైనా తప్పు కనబడాల్సింది కదా అని చూశాను. 12,400 నుంచి 7,600కు అంకె తగ్గింది, నా నియమం డెబిట్ అంది, అది నిజంగానే డెబిట్. 7,600 నుంచి 17,400కు పెరిగింది, క్రెడిట్ అంది, అదీ నిజమే. జనవరిలోనూ దాటే వరుసలు ఇలాగే అదృష్టవశాత్తు సరిగ్గా పడ్డాయి. కానీ ఒక్క ప్రశ్న వేసి ఉంటే అప్పుడే తెలిసేది: నిల్వ తగ్గింది సరే, ఎంత తగ్గింది? 12,400లోంచి 7,600 తీసేస్తే 4,800. ఆ వరుసలో ఉన్న మొత్తం 20,000. తగ్గిందా, పెరిగిందా అని మాత్రమే చూసి, ఎంత అనేది చూడకపోవడమే నా నియమంలోని లోపం.

అప్పుడు విడదీసే భాగాన్ని మొదటి నుంచి రాశాను. నిల్వ పక్కన `Dr` ఉంటే ఆ అంకెను ఋణ సంఖ్యగా తీసుకోవాలి. కిందటి నిల్వలోంచి ఈ మొత్తాన్ని తీసేస్తే సరిగ్గా ఈ నిల్వ వస్తేనే డెబిట్, కలిపితే సరిగ్గా వస్తేనే క్రెడిట్. రెండూ కాకపోతే ప్రోగ్రాము ఊహించకూడదు, ఆ వరుసను చూడమని నాకే చెప్పాలి.

```python
def paise(s):
    n = int(s.rstrip('CDr').replace(',', '').replace('.', ''))
    return -n if s.endswith('Dr') else n

def side(prev, amt, bal):
    if prev - amt == bal: return 'debit'
    if prev + amt == bal: return 'credit'
    return 'CHECK'
```

మొత్తాలను రూపాయల్లో కాక పైసల్లో, పూర్ణాంకాలుగా ఉంచడానికి కారణం ఉంది. కంప్యూటరు దశాంశాలను లోపల ద్విసంఖ్యల్లో దాచుకుంటుంది కాబట్టి 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, చివరన ఎక్కడో ఒక పిసరు తేడా ఉంటుంది. సరిగ్గా సమానమా అని అడిగే ఈ పరీక్షలో ఆ పిసరు చాలు, మంచి వరుసను కూడా తప్పు అనిపించడానికి. స్టేట్‌మెంటులో ప్రతి మొత్తానికీ చుక్క తరువాత రెండు అంకెలు తప్పక ఉంటాయి కాబట్టి కామాలనూ చుక్కనూ తీసేస్తే పైసలు వచ్చేస్తాయి. 1,20,000.00 అని మన పద్ధతిలో లక్షల దగ్గర కామా పెట్టినా, వేల దగ్గరే పెట్టినా దీనికి తేడా లేదు.

ఈ పరీక్షకు మొదటి వరుసకు ముందు నిల్వ ఎంతో తెలియాలి. ఈ స్టేట్‌మెంటులో `B/F` అనే వరుస దాన్ని ఇస్తుంది. అది లేని స్టేట్‌మెంటు అయితే కిందటి ఏడాది మార్చి 31 నాటి నిల్వను పాత లెక్కల నుంచి తీసుకుని ఇవ్వాలి. ఏ వరుసకైనా `CHECK` వస్తే, తరువాతి వరుసకు కిందటి నిల్వగా ఆ వరుసలో అచ్చయిన నిల్వనే తీసుకోవాలి. అలా చేయకపోతే ఒక్క తప్పు దగ్గర మొదలై చివరి పేజీ దాకా ప్రతి వరుసా తప్పే అని వస్తుంది, అసలు చోటు ఏదో తెలియదు. కొత్త పద్ధతిలో మొత్తం ఖాతాను మళ్లీ నడిపితే ఆగస్టు వరుసలు రెండూ, జనవరి వరుసలు మూడూ వాటంతట అవే సరైన గడుల్లో పడ్డాయి, ఒక్క `CHECK` కూడా రాలేదు.

అదే ఆసామికి వేరే బ్యాంకులో ఇంకొక ఖాతా ఉంది. దాని మీద నడిపినప్పుడు `CHECK` ఒకటి వచ్చింది. కిందటి నిల్వ రూ. 84,250, వరుసలోని మొత్తం రూ. 6,000, అచ్చయిన నిల్వ రూ. 66,250. ఇక్కడ తేడాయే దారి చూపుతుంది. ఈ ఆరు వేలు చెల్లింపు అనుకుంటే 78,250 ఉండాలి, ఉన్నది 66,250, అంటే మధ్యలో రూ. 12,000 చెల్లింపు ఒకటి తప్పిపోయింది. జమ అనుకుంటే 90,250 ఉండాలి, అప్పుడు తప్పిపోయిన చెల్లింపు రూ. 24,000. టెక్స్టులో 12,000.00 కోసం వెతికితే పన్నెండో పేజీ మొదట్లో దొరికింది. ఆ లావాదేవీ వివరం రెండు వరుసల్లో ఉంది. మొదటి వరుస పదకొండో పేజీ అడుగున, మొత్తం ఉన్న రెండో వరుస పన్నెండో పేజీ పైన పడ్డాయి. మధ్యలో పేజీ మొత్తం, చిరునామా, గడుల పేర్లు వచ్చి దాన్ని రెండుగా చీల్చాయి. ఒక తేదీ నుంచి మరో తేదీ దాకా ఉన్న వరుసలన్నింటినీ కలిపి ఒక లావాదేవీగా చూడడమే సరైన పద్ధతి, కానీ అలా కలపడానికి ముందే పేజీల అడుగునా పైనా వచ్చే వరుసలను తీసేయాలి. నేను ఆ రెండు పనులనూ తిప్పి చేశాను. క్రమం మార్చగానే ఆ వరుస దొరికింది.

నిల్వల గొలుసు తెగకుండా ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టేనని అప్పటికి నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకానికి హద్దు ఉందని మొదటి ఖాతాలోని ఒక చిన్న వరుస చెప్పింది. జూలై 5న బ్యాంకు తన రుసుము రూ. 500, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 90, కలిపి రూ. 590 కోసుకుంది. స్టేట్‌మెంటులో వివరం పైవరుసలో `CHARGES FROM 01/04/2023 TO` అని ముగిసి, కింది వరుస `30/06/2023` అని మొదలైంది. ప్రతి వరుసకూ మొదట ఉన్న ఖాళీలను నేను తీసేసి చదువుతున్నాను కాబట్టి, తేదీతో మొదలయ్యే ఆ రెండో వరుసను ప్రోగ్రాము కొత్త లావాదేవీ అనుకుంది. మొత్తమూ నిల్వా ఆ వరుసలోనే ఉన్నందువల్ల గొలుసు ఎక్కడా తెగలేదు. తేదీ మాత్రం జూలై 5 బదులు జూన్ 30గా, వివరం ఖాళీగా వచ్చాయి. జీఎస్టీ రిటర్నులు నెలవారీగా వేసే వ్యాపారికి ఇది చిన్న తప్పు కాదు, ఆ పన్ను జమ జూలైది జూన్‌లో కనబడుతుంది.

దాన్ని పట్టించింది వేరే పరీక్ష. వరుసల్లో తేదీ ఎప్పుడూ వెనక్కి వెళ్లకూడదని ఒక షరతు పెట్టాను. జూలై 5 తరువాత జూన్ 30 రాగానే ప్రోగ్రాము ఆగింది. వివరం ఖాళీగా ఉంటే ఆపడం కూడా అప్పుడే చేర్చాను. మందు సులువే: వరుస మొదట ఉన్న ఖాళీలను తీసేయకూడదు. నిజమైన లావాదేవీ తేదీ ఎప్పుడూ వరుస అంచున మొదలవుతుంది, కొనసాగింపు వరుస ఎప్పుడూ లోపలికి జరిగి ఉంటుంది. `-layout` దయతో నిలిచిన ఆ ఖాళీని నేనే చేజేతులా చెరిపేసుకున్నాను. మొత్తాలను నిల్వ కాపాడుతుంది, తేదీనీ వివరాన్నీ అది కాపాడలేదు కాబట్టి వాటికి వేరే కాపలా ఉండాలి.

ఫలితాన్ని ఎక్సెల్‌లో తెరిచాక కూడా రెండు జాగ్రత్తలు పడ్డాయి. వివరంలోంచి వేరే గడిలోకి తీసిన చెక్కు నంబరు 000417లోని ముందు సున్నాలను ఎక్సెల్ మింగేస్తుంది, పన్నెండంకెల యూపీఐ నంబరును 3.21512E+11 అని చూపుతుంది. ఫైలును నేరుగా తెరవకుండా డేటా మెనూ ద్వారా దిగుమతి చేసుకుని ఆ గడిని టెక్స్టుగా ఎంచుకుంటే రెండూ తప్పుతాయి. ప్రోగ్రాము మీద నమ్మకం లేని మా ఆడిటరు గారి కోసం, డెబిట్ D గడిలో, క్రెడిట్ E గడిలో, నిల్వ F గడిలో ఉన్న షీటులో పక్కనే ఒక గడి చేర్చి ఈ సూత్రాన్ని చివరి దాకా లాగాను.

```
=ROUND(F2+E3-D3-F3,2)
```

ప్రతి వరుసలోనూ సున్నా రావాలి. సున్నా కానిది ఉంటే ఫిల్టరు పెట్టగానే కనబడుతుంది. ఆయన అయిదు నిమిషాల్లో చూసి సరేనన్నారు.

ఇక లెడ్జరులోకి ఎక్కించేటప్పుడు ఈ గడుల పేర్లు తిరగబడతాయన్నది లెక్కలవాళ్లకు తెలిసినదే అయినా, ప్రోగ్రాముతో చేసినప్పుడు మరచిపోవడం తేలిక. స్టేట్‌మెంటు బ్యాంకు పుస్తకంలోని మన ఖాతా. మనం తీసుకున్నది వాళ్లకు డెబిట్. మన పుస్తకంలో బ్యాంకు ఖాతాకు అదే క్రెడిట్. ఆగస్టు 3 నాటి లారీ కిరాయి స్టేట్‌మెంటులో డెబిట్ గడిలో ఉంటుంది, ఆసామి లెడ్జరులో కిరాయి ఖాతాకు డెబిట్, బ్యాంకు ఖాతాకు క్రెడిట్ పడుతుంది. అందుకే నా ఫైలులో డెబిట్, క్రెడిట్ అనే పేర్లను వాడడం మానేసి, ‘పోయినది’, ‘వచ్చినది’ అని రాసుకున్నాను. పాత చిట్టాల్లో జమ, ఖర్చు అని రాసేవాళ్లు, అది చదివిన వాళ్లకు ఎవరి వైపు నుంచి రాశారన్న సందేహమే వచ్చేది కాదు. పేరు మార్పిడిని లెడ్జరులోకి పంపే చివరి మెట్టులో ఒక్కచోట మాత్రమే చేస్తాను.

మరుసటి ఏడాది రెండో బ్యాంకు స్టేట్‌మెంటు రూపం మారింది. కొత్త లావాదేవీ పైన, పాతది కింద వచ్చింది. నడపగానే తేదీల షరతు దగ్గరే ఆగింది, ఆ షరతు పక్కనబెట్టి నడిపితే దాదాపు ప్రతి వరుసకూ `CHECK` వచ్చింది. తేదీ ప్రకారం వరుసలను పేర్చితే సరిపోతుందనుకున్నాను, `CHECK`లు చాలా తగ్గాయి గాని పోలేదు. మిగిలినవన్నీ ఒకే రోజున రెండు, మూడు లావాదేవీలు ఉన్న చోట్లే. తేదీలు క్రమంలోకి వచ్చినా, ఒకే తేదీ లోపలి వరుసలు మాత్రం కొత్తది ముందు అనే పాత క్రమంలోనే ఉండిపోయాయి. తేదీతో పేర్చడం తీసేసి, జాబితా మొత్తాన్ని కింద నుంచి పైకి తిప్పాను. ఆ రోజు 1,040 వరుసల్లో ఒక్క `CHECK` కూడా మిగలలేదు.